పోస్టర్ దగ్గర నిలబడండి సార్, సెల్ఫీ తర్వాత

మొన్న హనుమకొండలో రెండు రోజుల పరిశోధనా సదస్సుకి వెళ్లాను. పోస్టర్ సెషన్ అంటే స్కాలర్లు తమ పని ఫలితాలను పోస్టర్‌గా వేలాడదీసి, వచ్చినవాళ్లకి వివరించే చోటు. పోస్టర్ సెషన్ ఎక్కడ పెట్టారో తెలుసా? భోజనాల హాలు వెనక వరండాలో, అదీ సరిగ్గా భోజనాల టైముకే. స్కాలర్లు పోస్టర్ ముందు నిలబడి ఫోటో దిగి, సర్టిఫికెట్ కోసం సంతకం పెట్టి, ప్లేట్ల లైన్లోకి పోయారు. ఒకటిన్నరకి చూస్తే ముప్పై పోస్టర్లు ఉన్నాయి, వాటి ముందు మనుషులు నలుగురే. రెండు గంటలకి ఒకాయన వచ్చి పిన్నులు పీకడం మొదలుపెట్టాడు.

నాకు కోపం రావడానికి సొంత కారణం ఉంది. నా పీహెచ్‌డీలో పెద్ద తప్పు దొరికింది ఇలాంటి వరండాలోనే.

2021 చివర్లో మన దగ్గర మిర్చిని నల్ల తామర పురుగు ఎలా తినేసిందో వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవర్ని అడిగినా చెప్తారు. దాని అసలు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. మనకు పాతకాలం నుంచి తెలిసిన తామర పురుగు వేరు, స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్. అది ఆకుల మీద ఉండి పై ముడత తెస్తుంది. కొత్తది పూలలో చేరి పూతనే రాల్చేస్తుంది. ఒకే చేనులో ఈ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయన్నది నా పని. పూలను తెల్లకాగితం మీద తట్టి, రాలిన పురుగుల్లో నల్లవాటిని కొత్త రకం కింద, పసుపువాటిని పాత రకం కింద లెక్కేశాను. ఫ్లెక్సీ షాపులో ఎ0 సైజు పోస్టర్ కొట్టించి, రెండు రంగుల్లో బార్ గ్రాఫ్ వేసి, సంబరంగా తీసుకుపోయాను.

సెషన్ గంటన్నర. మొదటి గంటలో ముగ్గురు వచ్చి "బాగుంది" అని పోయారు. ఆ మాట వల్ల వచ్చేది ఏమీ లేదని అప్పుడు తెలియదు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి ఏమీ మాట్లాడకుండా గ్రాఫ్ వైపు రెండు నిమిషాలు చూశాడు.

"పూలలో ఇన్ని పసుపువి దొరికినయా బాబూ?"

"దొరికినయ్ సార్."

"డోర్సాలిస్ పూలలో ఇంత ఎక్కువగా ఎందుకుంటది? స్లైడ్ చేసి చూసినవా?"

చేయలేదు. గాజు స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్ కింద చూడలేదు, భూతద్దంతో చూశాను, అంతే. అప్పుడు ఆయన నిదానంగా చెప్పిన సంగతి ఇది: కొత్త రకంలో ఆడవే నల్లగా ఉంటాయి. మగవి పసుపు. అంటే నా గ్రాఫ్‌లో పసుపు బార్ రెండు జాతుల కలగూరగంప. కాళ్లల్లో సత్తువ పోయింది.

వరంగల్ వచ్చాక ఆల్కహాల్లో దాచిన నమూనాల్లోంచి 40 పసుపు పురుగులను తీసి స్లైడ్ మౌంట్ చేశాను. సగానికి పైగా కొత్త రకం మగవే. ఈ తప్పు పోస్టర్ దగ్గర దొరకకపోతే ఎక్కడ దొరికేది? ఆరు నెలల తర్వాత, పేపర్‌ని అచ్చుకు ముందు జర్నల్ తరఫున పరిశీలించే రివ్యూయర్ రిపోర్టులో, లేదా పేపర్ అచ్చయ్యాక ఇంకెవరి పేపర్‌లోనో. పోస్టర్ సెషన్ అంటే నా లెక్కన ముందస్తు రివ్యూ. వేదిక మీద పది నిమిషాల ప్రెజెంటేషన్‌లో ఆయన ఈ ప్రశ్న అడిగేవాడు కాదు. టైమ్ అయిపోయిందని చైర్‌పర్సన్ గంట కొట్టేవాడు.

అసలు పేచీ తర్వాత వచ్చింది. స్లైడ్లు పంపితే చూస్తానని ఆ పెద్దాయన అన్నాడు. పంపాను, ఒక్కొక్కటీ సరిచూసి పంపాడు. పేపర్ రాసి జర్నల్‌కి అప్‌లోడ్ చేస్తుంటే, రివ్యూయర్లుగా కొందరి పేర్లు సూచించమని ఫారం అడిగింది. మా సీనియర్ ఒకాయన వెంటనే, "ఆ పెద్దసారు పేరు రాయి, మనోడే కదా" అన్నాడు.

మనోడు కాబట్టే రాయకూడదు. నా డేటా గుర్తింపులో ఆయన చేయి ఉంది. తన పనికి తానే మార్కులు వేసుకోమని అడగడం అవుతుంది. ఎడిటర్ అడిగేది కూడా అదే: ఒకే సంస్థ వాళ్లా, ఈమధ్య కలిసి పేపర్ రాశారా, గైడా, స్కాలరా అని. వరండాలో ఐదు నిమిషాలు మాట్లాడటం తప్పు కాదు. మీ పనిలో చేయి పెట్టాక మాత్రం ఆ మనిషి సహకారి, రివ్యూయర్ కాదు. ఎవరిని ఎటు తీసుకోవాలో ముందే తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నాను: ఆయన ఆ పేపర్‌లో సహరచయిత, తర్వాతి దానిలోనూ. రివ్యూయర్ల ఫారంలో నా తరఫున ఆయన పేరు ఇక చాలా ఏళ్లు రాదు. అదేం చిన్న నష్టం కాదు, ఈ రంగంలో స్లైడ్ చూసి జాతి చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

ఫారంలో ఎవరి పేరు రాశానంటే, నా పోస్టర్ పెట్టిన సదస్సులోనే రెండో రోజు టీ దగ్గర కలిసిన ఒక యువ అధ్యాపకురాలి పేరు. కర్ణాటక నుంచి వచ్చింది. బ్యాడ్జి మీద పేరు చూడగానే గుర్తుపట్టాను, నా రిఫరెన్సుల్లో ఆమె పేపర్ ఉంది. "మీ పేపర్లో జిగురు అట్టలు నీలం రంగువి వాడారు, పసుపువి ఎందుకు వద్దనుకున్నారు?" అని అడిగాను. పది నిమిషాలు చెప్పింది, నా పద్ధతిని రెండు చోట్ల ఏకిపారేసింది. ఆమెతో నాకు పని సంబంధం ఏదీ లేదు, ఒక్కసారి కలిశానంతే. ఫారంలో వివరణ పెట్టెలో అదే రాశాను. ఆమె సంస్థ ఈమెయిల్ ఇచ్చాను, జీమెయిల్ కాదు. రచయితలే దొంగ ఈమెయిళ్లు పెట్టి తమ పేపర్లను తామే రివ్యూ చేసుకున్న ఉదంతాలు ఉన్నాయి మరి. 2014లో సేజ్ ప్రచురణ సంస్థ ఒకే జర్నల్ నుంచి 60 పేపర్లు వెనక్కి తీసుకుంది, అలాంటి ముఠా బయటపడి.

ఎడిటర్ ఆమెకే పంపాడో లేదో తెలియదు, తెలియకూడదు కూడా. వచ్చిన రెండు రిపోర్టుల్లో ఒకటి మగ, ఆడ పురుగుల లెక్క విడిగా ఇవ్వమంది. ఆ టేబుల్ అప్పటికే ఉంది కాబట్టి బతికిపోయాను.

మన దగ్గర వరండా మంతనాలకి ఇంకో రూపం ఉంది. అది చూస్తే ఒళ్లు మండుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌ని కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూడాలని యూజీసీ 2022 నిబంధనలు చెప్తాయి. ఆ ఇద్దరు ఎవరవుతారన్నది టీ కప్పుల మధ్య తేలిపోతుంది. "అన్నా, మా పిల్లోడిది నీకు వస్తది, చూస్కో. నీ పిల్లది నాకు పంపు." శాలువా కప్పేటప్పుడు కూడా ఇదే మాట. ఆ పిల్లోడి పోస్టర్ పదడుగుల దూరంలోనే వేలాడుతూ ఉంటుంది, ఈయన కనీసం అటు తిరిగి చూడడు. చూసి "నీ పసుపు బార్‌లో ఏముంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ పిల్లోడికి మూడు నెలలు మిగులుతాయి.

అడిగితే ఎవరూ నొచ్చుకోరన్నది నా అనుభవం. పెద్ద పేర్ల చుట్టూ ఎట్లాగూ గుంపు ఉంటుంది, అక్కడ మీ వంతు రాదు, వచ్చినా విజిటింగ్ కార్డుతో ఆగిపోతుంది. చేతులు ఇంకా మైక్రోస్కోప్ మీద ఉన్న నాలుగో ఏడాది స్కాలర్ దగ్గరికి పొండి. రెండేళ్లలో వచ్చే రివ్యూలు అలాంటి వాళ్లే రాస్తారు. తిరిగొచ్చాక వారంలోపు మెయిల్ పెట్టండి, "మిమ్మల్ని కలవడం నా అదృష్టం" లాంటివి కాకుండా, వాళ్లు అడిగిన ప్రశ్నకి మీకు దొరికిన జవాబూ ఒక ఫోటో కూడా. నేను ఆ పెద్దాయనకి పంపింది ఒక స్లైడ్ ఫోటో, కింద ఒకే వాక్యం: "సార్, మీరన్నట్టే ఇవి మగవి."

వచ్చే నెల నా స్కాలర్ మొదటి పోస్టర్. ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చాడు. స్లైడ్ల డబ్బా కూడా పట్టుకుపొమ్మన్నాను. "పోస్టర్ దగ్గర అదెందుకు సార్?" అన్నాడు. భోజనాల టైములో అక్కడి నుంచి కదలొద్దని కూడా చెప్పాను, మొహం మాడ్చుకున్నాడు. పులిహోర నేను తెచ్చిపెడతాలే.