నాడీ దోషం: భయం ఎక్కడిది, మినహాయింపు ఎంతవరకు?

ముప్పై ఆరు గుణాల్లో 26 కలిశాయని చెప్పిన సిద్ధాంతే, ఆ వెంటనే ‘అయితే ఏకనాడి వచ్చిందండీ’ అనడంతో ఆగిపోయే పెళ్లి సంబంధాలు మన ఇళ్లలో తక్కువేమీ కావు. చదువు, ఉద్యోగం, కుటుంబం అన్నీ నచ్చి, అమ్మాయీ అబ్బాయీ మాట్లాడుకుని ఒప్పుకున్న తర్వాత కూడా ఈ ఒక్క మాట దగ్గర పెద్దలు వెనక్కి తగ్గుతారు. నక్షత్రాలను పంచిన మూడు నాడుల్లో వధూవరుల జన్మ నక్షత్రాలు రెండూ ఒకే నాడిలో పడటమే ఏకనాడి, దానినే నాడీ దోషం అంటారు. అదే సిద్ధాంతి మరో ఇంట్లో, ఇదే దోషం కనిపించినప్పుడు, ‘దీనికి పరిహారం ఉంది, ముహూర్తం పెట్టుకోండి’ అంటాడు. ఈ రెండు జవాబుల మధ్య తేడాకు శాస్త్రంలో ఆధారం ఎంత, ఆనవాయితీ ఎంత, ఇరుపక్షాల అవసరం ఎంత అన్నది విడదీసి చూడదగిన విషయం.

వధూవరుల పొంతనలో ఎనిమిది కూటాలు చూస్తారు. వర్ణానికి ఒక గుణంతో మొదలై వశ్యం, తార, యోని, గ్రహమైత్రి, గణం, రాశి అంటూ ఒక్కొక్క గుణం పెరుగుతూ చివరన నాడికి 8 గుణాలు ఉంటాయి. 18 దాటితే చాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నాడి ఒక్కటే పోయి మిగిలినవన్నీ కలిస్తే ఇంకా 28 ఉంటాయి కాబట్టి, మార్కుల లెక్కన చూస్తే ఏకనాడి ఏ సంబంధాన్నీ తనంతట తానుగా తప్పించలేదు. అయినా ఆచరణలో దానిని మార్కుగా కాకుండా నిషేధంగా చూస్తారు, చిక్కంతా అక్కడే ఉంది.

నాడిని నిర్ణయించే పద్ధతి చాలా సులువైనది. అశ్విని ఆది నాడి, భరణి మధ్య నాడి, కృత్తిక అంత్య నాడి. అక్కడి నుంచి వెనుదిరిగి రోహిణి అంత్యం, మృగశిర మధ్యం, ఆరుద్ర ఆది. మళ్లీ పునర్వసు ఆది, పుష్యమి మధ్యం, ఆశ్లేష అంత్యం. ఇలా పాము మెలికలు తిరిగినట్టు రేవతి దాకా లెక్క సాగుతుంది. ఒక్కో నాడికి తొమ్మిది నక్షత్రాలు వస్తాయి. గ్రహాల స్థితి, లగ్నం, సప్తమ స్థానం, దశలు, వీటిలో దేనితోనూ నాడికి సంబంధం లేదు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న ఒక్క సంగతి చాలు. దీని ఫలితం ఏమిటంటే, ఏ ఇద్దరిని తీసుకున్నా వారిది ఒకే నాడి అయ్యే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. జాతకాలు చూడకుండా జరిగిన పెళ్లిళ్లలోనూ మూడింట ఒకటి ఏకనాడి దంపతులదే అయి ఉండాలి. మన చుట్టూ పిల్లాపాపలతో ఉన్న దంపతుల జన్మ నక్షత్రాలను ఎవరైనా ఓపికగా రాసి చూసుకుంటే, ఈ దోషానికి చెప్పే ఫలితాలు ఎంతవరకు నిజమో వారికే తెలుస్తుంది.

మరి ఇంత భయం ఎందుకు? చెప్పే ఫలితాలు అలాంటివి. ఇద్దరిదీ ఆది నాడి అయితే ఎడబాటు, మధ్య నాడి అయితే ఇద్దరికీ నాశనం, అంత్య నాడి అయితే వైధవ్యం అని సంప్రదాయంలో ఒక శ్లోకం చెలామణిలో ఉంది. గణం కుదరకపోతే కీచులాటలు వస్తాయంటారు, వాటిని సర్దుకోవచ్చు అనుకుంటాం. నాడి కుదరకపోతే ప్రాణానికి, సంతానానికి ముప్పు అంటే ఎవరూ పందెం కాయరు. దానికి తోడు ఆది, మధ్య, అంత్య నాడులను ఆయుర్వేదంలోని వాత, పిత్త, శ్లేష్మాలతో ముడిపెట్టడం వల్ల ఇదేదో శరీర తత్వానికి సంబంధించిన విషయమన్న అభిప్రాయం బలపడింది. ఇటీవల దానినే రక్త గ్రూపుల భాషలో, జన్యువుల భాషలో చెప్పడం మొదలైంది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని పైకి ఎవరూ అనరు. పెళ్లయ్యాక గర్భస్రావమో, అనారోగ్యమో ఎదురైతే ‘ముందే చెప్పారు కదా, వినలేదు’ అనే మాట జీవితాంతం ఆ తల్లిదండ్రుల వెంట ఉంటుంది. సంబంధం వదులుకుంటే పోయేది ఒక సంబంధమే, ఒప్పుకుంటే మోయాల్సింది ఆ నింద. భయపడే కుటుంబాలను మూఢులని తేల్చేయడం అందుకే సరికాదు.

ఇక మినహాయింపులు. వీటిలో అందరూ ఒప్పుకునేది, గ్రంథాధారం గట్టిగా ఉన్నది ఒకటుంది. కాశీలో రామదైవజ్ఞుడు 1600 ప్రాంతంలో రాసిన ముహూర్త చింతామణి వివాహ ప్రకరణంలో చెప్పిన నియమం అది. వధూవరుల రాశి ఒకటే అయి నక్షత్రాలు వేరైతే, లేదా నక్షత్రం ఒకటే అయి రాశులు వేరైతే నాడీ దోషం లేదు; నక్షత్రం ఒకటే అయినా అందులోని నాలుగు భాగాల్లో, అంటే పాదాల్లో, తేడా ఉంటే శుభమే.

ఒక ఉదాహరణ చూద్దాం. అబ్బాయిది ఉత్తర మూడో పాదం, అమ్మాయిది హస్త మొదటి పాదం అనుకుందాం. ఉత్తర, హస్త రెండూ ఆది నాడి నక్షత్రాలే కాబట్టి నాడికి సున్నా వస్తుంది. ఇద్దరిదీ కన్యారాశే కాబట్టి వర్ణం, వశ్యం, గ్రహమైత్రి, రాశి కూటాలకు పూర్తి గుణాలు వస్తాయి, తార కూడా కలుస్తుంది. యోని, గణాలకు ఒక్కో పంచాంగం ఒక్కో అంకె ఇచ్చినా మొత్తం పాతిక చుట్టూ తేలుతుంది. రాశి ఒకటే, నక్షత్రాలు వేరు, కనుక రామదైవజ్ఞుడి నియమం ప్రకారం ఇక్కడ దోషమే లేదు, శాంతి కూడా అక్కర్లేదు. అబ్బాయిది ఉత్తర మొదటి పాదం అయి ఉంటే మాత్రం రాశి సింహం అవుతుంది, నక్షత్రాలు ఎలాగూ వేరు, కనుక మినహాయింపు వర్తించదు. అదే నక్షత్రం, అదే నాడి, పాదం తేడాతోనే తీర్పు తలకిందులవుతుంది. కంప్యూటర్ జాతకం తీయించుకుని ‘నాడి 0’ అన్న గడి చూసి ఆగిపోయేవారికి ఈ తేడా కనిపించదు. చాలా ప్రోగ్రాములు గుణాలు కూడి ఇస్తాయే తప్ప మినహాయింపును పరిశీలించవు.

అయితే ఈ నియమం ఎంతమందిని కాపాడుతుంది? 108 పాదాలను రెండు వైపులా పెట్టి లెక్కిస్తే ఏకనాడి జోడీలు 3,888 వస్తాయి. వాటిలో పై నియమం కిందికి వచ్చేవి 468 మాత్రమే, అంటే దాదాపు ఎనిమిదింట ఒకటి. మిగిలిన ఏడు వంతులకు గట్టి గ్రంథాధారం లేదు. ఏకనాడి దోషమున్న సంబంధాలు ఆచరణలో ఇంతకంటే ఎక్కువగానే జరుగుతున్నాయంటే, సిద్ధాంతులు వదులుగా ఉన్న మరికొన్ని మినహాయింపులను వాడుకుంటున్నారన్నమాట.

వాటిలో మొదటిది నక్షత్రాల జాబితా. రోహిణి, ఆరుద్ర, మృగశిర, పుష్యమి, శ్రవణం, ఉత్తరాభాద్ర, రేవతి మొదలైన నక్షత్రాలకు నాడీ దోషం లేదంటారు. ఈ జాబితా అన్నిచోట్లా ఒకేలా లేదు; పైగా ఇద్దరి నక్షత్రాలూ అందులో ఉండాలా, ఒకరిది ఉంటే చాలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. రెండోది రాశ్యధిపతుల మైత్రి: ఇద్దరి రాశులకూ అధిపతి ఒకడే అయినా, ఆ అధిపతులు మిత్రులైనా దోషబలం తగ్గుతుందంటారు. మూడోది నాడీ దోషం బ్రాహ్మణులకే ముఖ్యం, మిగిలిన వర్ణాలకు వేరే కూటాలు ముఖ్యం అనే మాట. కులాన్ని బట్టి చంద్రుడు పనిచేయడమేమిటని అడిగితే, ఇక్కడ వర్ణమంటే కర్కాటక, వృశ్చిక, మీన రాశులను విప్ర రాశులనే జ్యోతిష వర్ణమని కొందరు సర్దిచెబుతారు. ఇవేవీ కుదరనప్పుడు మృత్యుంజయ జపం, గోదానం, సువర్ణదానం ఉండనే ఉన్నాయి. తమిళుల దశవిధ పొంతనలో రజ్జువు అనే అంశానికి ఉన్నంత పట్టు నాడికి లేదన్నది కూడా గమనించాలి. తిరుపతిలో పెళ్లిని ఆపే దోషం వేలూరులో అంత పెద్ద విషయం కాకపోవచ్చు.

ఇంతకీ నక్షత్రమే నమ్మకంగా తెలుస్తుందా అన్నది మరో ప్రశ్న. చంద్రుడు ఒక నక్షత్రంలో ఒక రోజు, ఒక పాదంలో ఆరు గంటలు ఉంటాడని స్థూలంగా చెప్పుకోవచ్చు. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్క అయనాంశ. లాహిరి అయనాంశకూ రామన్ అయనాంశకూ మధ్య సుమారు ఒకటిన్నర డిగ్రీల తేడా ఉంది, అంత దూరం నడవడానికి చంద్రుడికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. అంటే అయనాంశ మారిస్తే పది మందిలో ఒకరికి నక్షత్రమే మారిపోతుంది. పుట్టిన వేళ తెలియనివారికి పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నామ నక్షత్రం చూస్తారు. జన్మ నక్షత్రానికి ఏకనాడి వచ్చినప్పుడు ‘పేరు మీద చూద్దాం’ అని మొదలుపెట్టడం, అక్కడ కుదిరితే ముహూర్తం పెట్టేయడం మన పురోహితుల వాడుకలో ఉన్నదే.

ఇన్ని దారులున్నప్పుడు ఏ దారి తెరుచుకోవాలన్నది చాలావరకు ఇరుపక్షాల ఇష్టాన్ని బట్టి తేలుతోందని నా అభిప్రాయం. సంబంధం కావాలనుకున్నవారికి మినహాయింపు దొరుకుతుంది. వద్దనుకున్నవారికి, కట్నం దగ్గరో మరో చోటో మనసు విరిగినవారికి, ‘జాతకాలు కలవలేదండీ’ అన్న మాట ఎవరి మనసూ నొప్పించని మర్యాదైన సాకు అవుతుంది. ఆ సౌకర్యాన్ని నేను తప్పు పట్టను. సాకును శాస్త్రమని ఆ పిల్లలు నమ్మి, తమలో ఏదో లోపముందని కుమిలిపోవడమే బాధాకరం.

సంతానం ఆరోగ్యం గురించిన భయం మాత్రం నిజమైనదే, దానికి నక్షత్రంతో నిమిత్తం లేని జవాబులున్నాయి. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే వచ్చే చిక్కును నాడీ దోషానికి రుజువుగా చూపిస్తుంటారు. ఆ చిక్కు రక్త పరీక్షలోనే తెలుస్తుంది. ఏడో నెల ప్రాంతంలో ఒకసారి, కాన్పు తర్వాత 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తే దాదాపుగా తప్పిపోతుంది. దగ్గరి రక్తసంబంధం వల్ల వచ్చే ముప్పును నాడి ఏమాత్రం పట్టుకోదు. మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సగటున నాలుగింట ఒక వంతు పంచుకుంటారు, మేనబావా మరదళ్లు ఎనిమిదింట ఒక వంతు. గోత్రాలు వేరు, నాడులు వేరు అయితే ఆ సంబంధానికి నాడి కూటంలో ఎనిమిదికి ఎనిమిది గుణాలూ వచ్చేస్తాయి. ‘మేనరికానికి జాతకాలెందుకు’ అని అసలు చూడని ఇళ్లూ ఉన్నాయి. ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాల మధ్య ఏకనాడి వచ్చిందని వెనకాడే పెద్దలే ఇక్కడ నిశ్చింతగా ఉంటారు.

తలసీమియా, ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ వంటి జబ్బులకు వాహకులెవరో తేల్చే రక్త పరీక్ష పెళ్లికి ముందే చేయించుకోవచ్చు. ఇద్దరిలో ఒకరికే తలసీమియా వాహక లక్షణం ఉంటే పిల్లలకు ఆ తీవ్రమైన జబ్బు రాదు. ఇద్దరికీ ఉంటే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అప్పుడు కూడా సంబంధం వదులుకోవడం ఒక్కటే దారి కాదు. గర్భం మొదటి నెలల్లోనే బిడ్డకు జబ్బు ఉందో లేదో పరీక్షించి చెప్పగలుగుతున్నారు, కాబట్టి ఆ నిర్ణయం వివరం తెలిసిన దంపతుల చేతిలోనే ఉంటుంది.