వడ్డీ పద్దెనిమిదే, మిగిలినదంతా ఆప్యాయత

అప్పులిచ్చే ఫైనాన్సు సంస్థలను ఆడిపోసుకోవడం మనకు బాగా అలవాటైపోయింది. వాళ్ళు గోడమీద, గాజు తలుపుమీద, ఫోనులో వచ్చే ప్రకటనలో వడ్డీ ఏడాదికి 18 శాతం అని స్పష్టంగా రాస్తారు, రాసినట్టే 18 శాతమే వసూలు చేస్తారు. ఇందులో ఒక్క పైసా అబద్ధం లేదు. అయినా అప్పు తీసుకున్నవాడు ఇంటికి వెళ్ళి లెక్క చూసుకుని తలపట్టుకుంటాడు. తప్పు సంస్థది కాదని, వడ్డీకి తోడు ఆప్యాయత కూడా పంచిపెట్టడమే వాళ్ళ నేరమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క కోసం ఒక ప్రైవేటు స్కూలు మాస్టారిని తీసుకుందాం. జూన్ నెలలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి ఆయనకు 50,000 రూపాయలు కావాలి. పన్నెండు నెలల గడువుతో, 18 శాతం వడ్డీకి, తగ్గుతున్న అసలు మీద లెక్కగట్టే పద్ధతిలో ఆయనకు వ్యక్తిగత రుణం మంజూరైంది. నెలకు కట్టవలసిన వాయిదా 4,584 రూపాయలు, ఏడాది మొత్తానికి 55,008. అంటే 50,000 వాడుకున్నందుకు వడ్డీ 5,008 రూపాయలు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు.

సాయంత్రం మాస్టారి ఫోనుకు బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ వచ్చింది. ఖాతాలో జమ అయినది 46,500. మాస్టారు ఆ అంకెను రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, బ్రాంచికి ఫోన్ చేశారు.

"బాబూ, యాభై వేలన్నారు కదా, మూడున్నర వేలు తగ్గిందేమిటి?"

"అది వడ్డీ కాదండి మాస్టారూ. పదిహేను వందలు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ రెండొందల డెబ్బై. మిగతాది మీ ఇన్సూరెన్సేనండి, మీ కుటుంబం కోసం."

ఈ సమాధానంలోని ఔన్నత్యాన్ని గమనించాలి. ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం, అది వడ్డీ కాదు. వడ్డీ అని పిలిస్తే దాన్ని 18కి కలపవలసి వస్తుంది, కలిపితే ఆ అంకె గోడమీద చూడముచ్చటగా ఉండదు. కాబట్టి మూడు శాతం ఫీజుకు ఒక పేరు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీకి ఒక పేరు, 1,730 రూపాయల బీమా ప్రీమియానికి ఒక పేరు పెట్టారు. మన పల్లెల్లో డైలీ ఫైనాన్సు నడిపే ఆసామి ఇంత శ్రమ పడడు. పదివేలు అప్పని రాసుకుని, తొమ్మిదివేలు చేతిలో పెట్టి, పట్టుకున్న వెయ్యి వడ్డీయేనని మొహం మీదే చెప్పేస్తాడు. అంతటి మొరటుతనం కంప్యూటరైజ్డ్ సంస్థలకు నప్పదు.

ఇప్పుడు మాస్టారి చేతికి వచ్చింది 46,500. కానీ వాయిదా మాత్రం 50,000 మీదే వేశారు. అందని 3,500 కూడా అసలులో భాగమే గనుక దాని మీద కూడా 18 శాతం నడుస్తుంది. నెలవారీ వాయిదాలో సుమారు 321 రూపాయలు ఆ 3,500 కోసమే పోతుంది. ఏడాదికి అది 3,851 అవుతుంది. ఫీజు తీసుకోవడమే కాక, ఆ ఫీజును మనకు అప్పుగా ఇచ్చి, దాని మీద 351 రూపాయల వడ్డీ కూడా తీసుకోవడంలోని పొదుపరితనాన్ని మన గృహిణులు గమనించవలసి ఉంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 46,500 పుచ్చుకుని, పన్నెండు నెలలు 4,584 చొప్పున కడితే, ఆ డబ్బుకు మనం నిజంగా ఇస్తున్న వడ్డీ ఎంత? కంప్యూటరులో ఎక్సెల్ తెరిచి ఈ రెండు వరుసలూ రెండు గడుల్లో కొట్టి, జవాబులను శాతాల్లో చూడండి.

```
=RATE(12,-4584,50000)*12
=RATE(12,-4584,46500)*12
```

మొదటిది 18 చూపిస్తుంది. రెండవది 32.2 చూపిస్తుంది.

ఇక్కడ ప్రతి పాఠకుడికీ ఒక సందేహం వస్తుంది. మూడున్నర వేలు యాభై వేలలో ఏడు శాతమే కదా, 18కి 7 కలిపితే 25 కావాలి గాని 32 ఎలా అయిందని. ఈ సందేహమే ఈ వ్యాపారానికి ఊపిరి. ఏడు శాతమన్నది పూర్తి 50,000 ఏడాది పొడవునా మన దగ్గరే ఉంటే సరిపోయే లెక్క. కానీ మాస్టారు మొదటి నెల నుంచే అసలు తీర్చుకుంటూ వస్తున్నారు, ఆరు వాయిదాలు కట్టేసరికి మిగిలిన అసలు దాదాపు 26,116 మాత్రమే. ఏడాది మొత్తానికి సగటు చూస్తే సంస్థ పద్దు ప్రకారం ఆయన వాడుకున్నది సుమారు 27,800. ఆ సగటు మీద 3,500 అంటే పన్నెండున్నర శాతం పైమాటే. పైగా ఆ 3,500 మొదటి రోజే చేతి నుంచి జారిపోయింది కాబట్టి నిజంగా వాడుకున్నది ఇంకా తక్కువ. అందువల్ల పెరుగుదల పద్నాలుగు శాతం దాటింది.

దీన్ని మన భాషలో చెప్పుకుంటే ఇంకా హాయిగా ఉంటుంది. నెలకు నూటికి రెండు రూపాయల అరవై ఎనిమిది పైసలు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడిని మాస్టారు "పీడించుకు తింటాడు" అని తిట్టి మరీ ఈ సంస్థకు వచ్చారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అదీ పైసా కోత లేకుండా పూర్తి డబ్బు చేతిలో పెడితే. అయితే ఆ వడ్డీ వ్యాపారి దగ్గర ఏసీ గది లేదు, ఫిల్టరు నీళ్ళు లేవు, మన కుటుంబ క్షేమం గురించిన ఆరాటం అసలే లేదు.

ఆ ఆరాటం గురించి విడిగా చెప్పుకోవాలి. ఫీజు, జీఎస్టీ మాత్రమే పట్టుకుని బీమా వద్దంటే మాస్టారి చేతికి 48,230 వచ్చేది, నిజమైన రేటు 25 శాతం దగ్గర ఆగేది. అంటే 18ని 25 చేసింది ఫీజు, 25ని 32 చేసింది ఆప్యాయత. ఈ రకం బీమాలో అప్పు తీసుకున్నవాడు మరణిస్తే మిగిలిన బాకీ మేరకు డబ్బు ముందు అప్పిచ్చిన సంస్థకే చేరుతుంది. కుటుంబానికి బాకీ తప్పడం మంచిదే, కాదనను. కానీ బాకీ నెలనెలా తగ్గుతున్నకొద్దీ చాలా పాలసీల్లో రక్షణ కూడా తగ్గిపోతుంది, ప్రీమియం మాత్రం మొదటి రోజే పూర్తిగా కట్టేశాం. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ళ మనిషి పెద్ద మొత్తానికి సొంతంగా టర్మ్ పాలసీ తీసుకుంటే లక్ష రూపాయల రక్షణకు ఏడాదికి రమారమి నూరు, నూటయాభై రూపాయలు పడుతుంది. ఆ లెక్కన 50,000 రూపాయలకు డెబ్బై, ఎనభై దాటనక్కరలేదు. చిన్న పాలసీకి నిర్వహణ ఖర్చు ఎక్కువ, మాస్టారి వయసూ ఎక్కువ అనుకుని నాలుగైదింతలు వేసుకున్నా 1,730 దాకా చేరడానికి చాలా దూరం ప్రయాణించాలి. మిగిలిన దూరమంతా ఆప్యాయతే.

మాస్టారు దీనికి ఎప్పుడు ఒప్పుకున్నారన్నది మరో ముచ్చట. ఫోనులో దరఖాస్తు నింపుతున్నప్పుడు నాలుగో తెర మీద ఒక చిన్న గడి కనిపించింది, అందులో టిక్కు అప్పటికే పెట్టి ఉంది. ఆయన సంకోచాన్ని ముందే ఊహించి ఆ కష్టం తప్పించారన్నమాట. కొనేవాడి అనుమతి లేకుండా బుట్టలో అదనపు సరుకు వేయడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాడిని మభ్యపెట్టే చీకటి పోకడల జాబితాలో చేర్చింది. ఆప్యాయతను చీకటి అనడం ప్రభుత్వాలకే చెల్లింది.

రిజర్వు బ్యాంకు కూడా ఇలాంటి సౌకుమార్యం లేని సంస్థే. 2024 ఏప్రిల్ 15న అది ఒక సర్క్యులర్ ఇచ్చి, ఆ అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ రుణాలకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం తప్పనిసరి చేసింది. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు, అంటే ఏపీఆర్, రాయాలి. బీమా వంటి మూడో వ్యక్తి తరఫున వసూలు చేసే సొమ్ము కూడా అందులో కలవాలి. ఆ కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో లేని ఛార్జీని ఆ తర్వాత అతడి స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. సర్క్యులర్‌కు జతచేసిన ఉదాహరణలో 20,000 అప్పు, 24 నెలలు, 15 శాతం వడ్డీ, 400 ఖర్చులు చూపి ఏపీఆర్ 17.07 అని లెక్కగట్టింది. నాలుగు వందలకే రెండు శాతం పెరిగిందని అధికారికంగా ప్రకటించడం కాస్త మొరటు పనే.

ఆ కాగితం మాస్టారి దగ్గరా ఉంది. ఇరవై రెండు పేజీల పీడీఎఫ్‌లో ఎక్కడో మధ్యన ఉంది. అందులో ఏపీఆర్ ఎదురుగా 32.2 ఉంటే సంస్థ చట్టబద్ధంగా ఆప్యాయత చూపించినట్టు. 25 ఉంటే, ఫీజు కలిపి బీమాను "అది ఐచ్ఛికం కదా" అని పక్కకు తప్పించినట్టు. 18 అనే ఉంటే, లెక్క అసలు మొదలే పెట్టనట్టు. ఎవరినీ అడగకుండా తెలుసుకోవాలంటే, ఆ కాగితంలో అప్పు తీసుకున్నవాడికి నికరంగా అందే మొత్తం అని ఉన్న అంకెనూ, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటి కాకపోతే, తేడా ఎంతో అంత సొమ్ము ఏపీఆర్ లెక్కలోకి రాకుండా తప్పించుకుందని అర్థం.

గడువు పెరిగితే ఈ ఆప్యాయత పలచబడుతుందన్నది నిజమే. ఇదే 3,500 కోతతో ఇదే అప్పును మూడేళ్ళకు తీసుకుంటే నిజమైన రేటు 23.3 శాతానికి దిగుతుంది. అయితే మూడేళ్ళ బీమాకు ప్రీమియం కూడా పెరుగుతుంది, వడ్డీ కట్టే నెలలూ పెరుగుతాయి. మొత్తం మీద జేబులోంచి పోయేది ఎక్కువే. రేటు తగ్గి ఖర్చు పెరగడం అనే ఈ విచిత్రం వల్లే చిన్న అప్పును పొడిగించమని సంస్థలు అంత ప్రేమగా సలహా ఇస్తుంటాయి.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది, గడువు తగ్గితే ఆప్యాయత చిక్కబడుతుంది. మాస్టారికి ఆరు నెలలకే పాత చిట్టీ డబ్బు చేతికొచ్చి, అప్పు పీడ వదిలించుకుందామని బ్రాంచికి వెళ్ళారు. ముందుగా తీర్చినందుకు ఛార్జీ ఏమీ వేయలేదనే అనుకుందాం. ఆయన ఆరు వాయిదాలు కట్టి, మిగిలిన 26,116 ఒకేసారి కట్టేశారు. ఫీజు వెనక్కి రాదు, బీమాలో మిగిలిన కాలానికి ఏమైనా వస్తుందేమో పాలసీ కాగితం చూసి చెబుతామన్నారు. ఏమీ రాకపోతే, ఏడాదికి పరచవలసిన 3,500 ఆరు నెలల మీదే పడి, నిజమైన రేటు 37 శాతం దాటింది. కౌంటరు దగ్గర అబ్బాయి రశీదు చేతికిస్తూ, "మీలాంటి మంచి కస్టమర్లకు టాప్‌-అప్ లోన్ రెడీగా ఉంది మాస్టారూ, ప్రాసెసింగ్ ఫీజులో పది శాతం డిస్కౌంటు" అన్నాడు.