బ్లూటూత్ ఒక్కటే, భాషలు రెండు: యాప్ లేనిదే పలకని గ్యాడ్జెట్ల కథ

బరువు చూసుకునే స్మార్ట్ మెషిన్ ఒకటి కొన్నాను. ఇయర్‌బడ్స్‌కి చేసినట్టే ఫోన్ సెట్టింగ్స్ తెరిచాను. జాబితాలో దాని పేరు కనిపిస్తే నొక్కాను. కనెక్ట్ అయిందన్నది గానీ బరువు ఎక్కడా రాలేదు. సరేనని కంపెనీ యాప్ తెరిస్తే అసలు మెషినే కనిపించడం లేదంది. అరగంట కుస్తీ పట్టాక సెట్టింగ్స్‌లోంచి దాన్ని తీసేసి, యాప్ నుంచి మొదలుపెడితే పది సెకన్లలో కలిసిపోయింది.

బ్లూటూత్ అనే ఒక్క పేరు కింద నిజానికి రెండు రేడియో పద్ధతులున్నాయి. పాతది క్లాసిక్. పాటలాగా ఆగకుండా ప్రవహించే డేటా కోసం పుట్టింది. రెండోది లో ఎనర్జీ, బీఎల్‌ఈ. 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చింది. అప్పుడప్పుడు నాలుగు అంకెలు పంపి మళ్లీ నిద్రపోయే వస్తువుల కోసం చేశారు దీన్ని. అందుకే చిన్న బటన్ సెల్‌తో నెలల తరబడి నడుస్తుంది. రెండూ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే అయినా ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. ఫోన్‌లో రెండూ ఉంటాయి కాబట్టి ఆ తేడా మన కంటపడదు.

ఇయర్‌బడ్స్‌కి యాప్ ఎందుకు అక్కర్లేదంటే, పాట ఎలా పంపాలో, కాల్ ఎలా కలపాలో చెప్పే ప్రొఫైల్స్ ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉన్నాయి. బీఎల్‌ఈ మెషిన్ అలా కాదు. అది తన దగ్గరున్న సమాచారాన్ని ఒక పట్టికలా పెట్టుకుని కూర్చుంటుంది. పట్టికలో ప్రతి గడికీ ఒక నంబరు. ఆ గడి చదివి, అర్థం చేసుకుని, తెరమీద చూపించే పని ఎవరో ఒకరు చెయ్యాలి. సెట్టింగ్స్ పేజీ ఆ పని చెయ్యదు.

అలాగని బీఎల్‌ఈకి ఉమ్మడి ప్రమాణాలు లేవని కాదు. బరువు మెషిన్లకి 0x181D అనే సర్వీసు, అంటే గడుల గుంపు, అందులో కొలతకి 0x2A9D అనే గడి ఎప్పుడో కేటాయించారు. 72.5 కిలోల మనిషి ఎక్కితే ఆ గడిలో వచ్చేది దాదాపు ఇలా ఉంటుంది:

```
00 A4 38
```

మొదటి బైటు, కొలత కిలోల్లో ఉందని చెబుతుంది. మిగతా రెండింటినీ తిరగేసి చదివితే 0x38A4, ఈ హెక్సాడెసిమల్ సంఖ్యని మామూలు లెక్కలోకి మారిస్తే 14500. ఇందులో ఒక్కో యూనిట్‌కి 5 గ్రాములు, కాబట్టి 72.5 కిలోలు. ఈ పద్ధతి పాటించే మెషిన్‌ని, దాన్ని చదవడం తెలిసిన ఏ యాప్ అయినా వాడుకోవచ్చు. చాలా కంపెనీలు మాత్రం ఈ గడి వదిలేసి, సొంతంగా ఒక పొడవాటి 128 బిట్ల నంబరు పెట్టుకుని, అందులో తమకే తెలిసిన వరసలో అంకెలు నింపుతాయి. అక్కడితో తాళంచెవి వాళ్ల యాప్ చేతికి పోయినట్టే.

ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. ఉమ్మడి పట్టికలో లేని ఫీచర్లకి సొంత గడులు కావాల్సిందే. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కీ యాప్ ఉండాలి. పైగా ఐఫోన్‌తో సొంత పద్ధతిలో క్లాసిక్ ద్వారా మాట్లాడాలంటే యాక్సెసరీల తయారీదారులకి ఆపిల్ లైసెన్సు ఇచ్చే ఎంఎఫ్ఐ కార్యక్రమంలో చేరాలి, బీఎల్‌ఈకి ఆ బెడద లేదు. కానీ బరువు చూడ్డానికి కూడా లాగిన్ అడగడం బ్లూటూత్ పెట్టిన నిబంధన కాదు, కంపెనీ పెట్టినది. బీఎల్‌ఈ మౌస్‌లూ కీబోర్డులూ యాప్ లేకుండానే పనిచేస్తున్నాయి కదా! వాటి పట్టిక చదవడం ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చు. అంతే తేడా.

ఇక నా అరగంట సంగతి. ఇలాంటి మెషిన్లు చాలావరకు ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడతాయి. ఎవరూ కలవనంతసేపూ "నేనున్నాను" అని చిన్న చిన్న సంకేతాలు వదులుతుంటాయి. ఎవరైనా కలిస్తే ఆపేస్తాయి. సెట్టింగ్స్ నుంచి కలిసి ఆ ఒక్క సీటూ నేనే ఆక్రమించాను. యాప్ వెతికేసరికి సంకేతం లేదు. గ్యాడ్జెట్ దొరకనప్పుడు ఇంకో ఫోన్ దానికి కలిసి ఉందేమో కూడా చూడాలి. పాత ఆండ్రాయిడ్లలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోయినా స్కాన్‌లో ఏమీ రాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి దీనికి విడిగా అనుమతి పెట్టారు.

మీ గ్యాడ్జెట్ ఏ రకమో తెలుసుకోవాలంటే కంపెనీ యాప్ మూసేసి, nRF Connect లాంటి స్కానర్ యాప్‌తో దానికి కలిసి పట్టిక చూడొచ్చు. నాదీ చూశాను. 0x180F ఉంది, అంటే బ్యాటరీ ఎంత మిగిలిందో ఏ యాప్ అయినా చదువుతుంది. 0x181D లేదు. దాని బదులు ఒక పొడవాటి నంబరు, ఎక్కి నిలబడితే దాని కింద వరసగా మారే బైట్లు. మెషిన్ బ్యాటరీ సంగతి అందరికీ చెబుతోంది, నా బరువు మాత్రం వాళ్ల యాప్‌కే చెబుతోంది.