ఇద్దర్నీ కూర్చోబెట్టడం మీ పని కాదు

"కొత్త మేనేజర్లకు పోష్ ఐదు ముక్కల్లో: 1. అమ్మాయి వచ్చి చెప్తే ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. 2. రాసి ఇవ్వకపోతే అది ఫిర్యాదే కాదు. 3. మొత్తం 90 రోజుల్లో తేలిపోతుంది. 4. రుజువు కాకపోతే ఆమె మీదే చర్య. 5. ఎవరితోనూ చర్చించకండి. అందరికీ పంపండి."

పోష్ అంటే పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల్ని అడ్డుకోవడానికి 2013లో వచ్చిన చట్టం. దాని మీద తిరుగుతున్న ఈ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళు నలుగురూ మంచివాళ్ళే, ఇద్దరికి మొన్ననే ప్రమోషన్ వచ్చింది. నేను ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించే మా ఆఫీసు అంతర్గత కమిటీలో సభ్యురాలిని, అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి పాయింటు చేసే నష్టం మిగతావన్నీ కలిసినా చేయవు. రాజీ అనేది 2013 చట్టంలో ఉంది, సెక్షన్ 10లో. కానీ అది విచారణ మొదలవక ముందు, ఆమె తనంతట తాను అడిగితేనే. చేయాల్సింది కమిటీ, మేనేజర్ కాదు. డబ్బు ఇచ్చి సర్దుబాటు చేయడం అసలే కుదరదు. కుదిరిన ఒప్పందాన్ని కమిటీ రాసిపెట్టి, ఇద్దరికీ కాపీలు ఇవ్వాలి. మీ కేబిన్‌లో తలుపు వేసి చేసే పంచాయితీకి వీటిలో ఏదీ ఉండదు.

దానివల్ల ఏమవుతుందో చూశాను. ఒకమ్మాయి విషయంలో చివరి సంఘటన జనవరి 12న జరిగింది. 20న తన టీమ్ లీడ్‌కు చెప్పింది. ఆయన దురుద్దేశంతో ఏమీ చేయలేదు. ఆమెనూ, ఆమె ఎవరి మీద చెప్పిందో అతన్నీ పిలిచి మాట్లాడాడు, అతనితో సారీ చెప్పించాడు, సీట్లు మార్చాడు, "కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. అతను ఆ సాయంత్రమే పాత చాట్లు తుడిచేశాడు. ఆమె ఏప్రిల్ 20న మా దగ్గరికి వచ్చేసరికి, చివరి సంఘటన నుంచి ఉండే మూడు నెలల గడువు 12వ తేదీకే అయిపోయింది. టీమ్ లీడ్ సర్దుబాటు చేస్తున్న ఆ రోజులన్నీ ఆమె గడువులోంచే పోయాయి. ఆలస్యానికి కారణం సరైనదైతే దాన్ని రాసి నమోదు చేసి, ఇంకో మూడు నెలల వరకు పొడిగించే అధికారం కమిటీకి ఉంది. మేం పొడిగించాం. పోయిన చాట్లను మాత్రం తేలేకపోయాం.

మరి మేనేజర్ చేయాల్సింది? ఆమె చెప్పింది విని, కమిటీలో ఎవరెవరున్నారో చెప్పి, గడువు ఏ తేదీకి ముగుస్తుందో లెక్కగట్టి చెప్పడం. నిజమా కాదా అని మీరు తేల్చకండి, అతన్ని పిలిచి అడగకండి.

రెండోది సగం నిజం, ఆ సగమే ప్రమాదం. రాతపూర్వకంగానే ఇవ్వాలి. కానీ ఆమె రాయలేకపోతే, రాయడానికి తగిన సాయం చేయాల్సిన బాధ్యత కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌ది లేదా సభ్యులది. సెక్షన్ 9 చదివితే ఆ మాట అక్కడే ఉంది.

మూడోది తప్పు లెక్క. 90 రోజులు విచారణకు మాత్రమే. ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో కమిటీ దాని కాపీని ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి పంపాలి. అందుకున్నాక అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి. విచారణ ముగిసిన 10 రోజుల్లో నివేదిక యాజమాన్యానికి చేరాలి, దాని మీద చర్యకు యాజమాన్యానికి 60 రోజులు. అంటే విచారణ మొదలైన రోజు నుంచి చర్య దాకా 160 రోజులు పట్టవచ్చు. ఈ మధ్యలో మీ టీమ్‌లో అప్రైజల్ వస్తే? ఆమె రాసి అడిగితే, ఆమె పనితీరు మీద అతను నివేదిక రాయకుండా ఆపమని, ఇద్దరిలో ఒకరిని బదిలీ చేయమని, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. మేనేజర్‌కు నిజంగా పని పడేది ఇక్కడే, ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు!

నాలుగోది వదిలేయదగ్గ అబద్ధం, కానీ ఎంతమంది నోళ్ళు మూయిస్తోందో. రుజువు చేయలేకపోవడం మాత్రమే ఆమె మీద చర్యకు కారణం కాదని సెక్షన్ 14 స్పష్టంగా చెప్పింది. దురుద్దేశం ఉందని అనాలంటే దాన్ని విచారణలో వేరుగా నిర్ధారించాలి.

ఐదోది సరైనదే, ఒప్పుకుంటున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: మా పాలసీ పద్దెనిమిది పేజీలు, పోయినేడాది మేం మేనేజర్లకిచ్చిన కాగితంలో కూడా గడువులున్నాయి గానీ ఏ పని ఎవరిదో లేదు. మనుషులు ఈ మెసేజ్‌ను నమ్మడంలో మా తప్పూ ఉంది. కొత్తది తయారుచేస్తున్నాం. మొదటి వరుసలో ప్రిసైడింగ్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు, ఆ కింద సభ్యులవి. మెట్ల దగ్గర అంటించిన పాత పోస్టర్‌లో ఉన్న ముగ్గురిలో ఒకావిడ కంపెనీ మానేసి ఏడాదైంది, దాన్ని సోమవారం తీసేస్తున్నాను.