సగం వైద్యానికి పూర్తి లెక్కా?

కుక్క కరిచిన మనిషి ఆస్పత్రికి వెళ్తే 'సూది వేశాం, మళ్లీ మూడో రోజు రండి' అని పంపించేస్తున్నారు. రిజిస్టరులో టీకా వేసినట్టు టిక్కు పడుతుంది. జిల్లా నివేదికలో చికిత్స అందినవారి సంఖ్య ఒకటి పెరుగుతుంది. కానీ చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే చికిత్స కాదు. అది సగం చికిత్స. మిగతా సగం పేరు రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్. ఆస్పత్రి భాషలో సీరం. అది చాలాచోట్ల ఉండదు. ఉన్నచోట కూడా వేయాల్సిన చోట వేయరు. అయినా లెక్క మాత్రం పూర్తి చికిత్సగానే పైకి వెళ్తోంది. మా అభ్యంతరం ఈ లెక్క మీదే.

టీకా మందు కాదు, శరీరానికి ఇచ్చే పాఠం. కోతి నుంచి వచ్చిన వీరో కణాల్లోనో, కోడిపిండం కణాల్లోనో పెంచి చంపేసిన రేబిస్ వైరస్‌ను శరీరానికి చూపిస్తే, దాన్ని గుర్తుపట్టి ప్రతిరక్షకాలను శరీరమే తయారు చేసుకుంటుంది. ఇది క్రియాశీల రక్షణ. గొప్ప రక్షణే. ఏళ్ల తరబడి జ్ఞాపకం ఉంటుంది. మళ్లీ కుక్క కరిస్తే, గతంలో పూర్తి టీకా వేయించుకున్నవారికి 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు. కానీ పాఠం నేర్చుకోవడానికి సమయం కావాలి. మొదటి డోసు పడిన వారం దాటాక గానీ ప్రతిరక్షకాలు చెప్పుకోదగ్గ స్థాయికి రావు. మిల్లీలీటరు రక్తంలో 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. ఆ గీత దాటారా లేదా అని చూసేది 14వ రోజు నాటికి. అంటే కాటు పడిన రోజు నుంచి వారం, పది రోజుల పాటు, టీకా వేయించుకున్న మనిషికి కూడా సొంత రక్షణ లేదు. కాగితం మీద మాత్రం ఉంది.

ఆ ఖాళీ రోజుల్లో వైరస్ ఊరుకోదు. గాయంలోని కండరంలో కొంతకాలం ఉండి, అక్కడి నరాల కొసల్లోకి చొరబడుతుంది. ఒకసారి నరంలోకి వెళ్లాక ప్రతిరక్షకాలకు అందదు. కాలి మీద కాటయితే మెదడుకు దారి పొడవు, సమయం దొరుకుతుంది. ముఖం, మెడ, తల, నరాలు ఎక్కువగా ఉండే చేతివేళ్ల మీద కాటయితే ఆ వెసులుబాటు తక్కువ. పొట్టిగా ఉంటారు కాబట్టి కుక్క నోటికి పిల్లల ముఖమే అందుతుంది. సగం వైద్యం ఎవరి ప్రాణాల మీదికి ముందుగా వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

సీరం పని ఈ ఖాళీని పూడ్చడం. ఇప్పటికే రేబిస్ టీకా పడిన మనుషుల రక్తం నుంచో, గుర్రాల రక్తం నుంచో తీసిన రెడీమేడ్ ప్రతిరక్షకాలు అందులో ఉంటాయి. శరీరం ఏమీ నేర్చుకోదు, అరువు తెచ్చుకుంటుంది. ఇది నిష్క్రియ రక్షణ. వేసిన క్షణం నుంచి పనిచేస్తుంది, త్వరగా తరిగిపోతుంది. మనిషి ఇమ్యునోగ్లోబులిన్ దాదాపు మూడు వారాల్లో సగానికి తగ్గుతుంది. గుర్రం నుంచి తీసి శుద్ధి చేసిన ప్రతిరక్షకాల ముక్కలు అంతకంటే చాలా ముందే పోతాయి. అరువు అయిపోయే వేళకు సొంతం చేతికి రావాలి. అందుకే మొదటి రోజే రెండూ వేయాలి.

ఈ సూత్రం మన ఆస్పత్రులకు తెలియనిదేమీ కాదు. పాముకాటు విషయంలో రోజూ పాటిస్తున్నదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి... ఈ నాలుగింటి విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలే యాంటీ స్నేక్ వీనమ్. విషం గంటల్లో చంపుతుంది కాబట్టి అక్కడ టీకా అన్న మాటే ఎవరూ ఎత్తరు. విష లక్షణాలు కనిపిస్తే పది వయల్స్‌తో మొదలుపెట్టి సెలైన్‌లో కలిపి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అయిదేళ్ల పిల్లాడికీ, యాభై ఏళ్ల రైతుకూ ఒకటే మోతాదు. మందు ఎదుర్కోవాల్సింది పాము వదిలిన విషాన్ని, పామేమో పిల్లాడి బరువు చూసి విషం తగ్గించదు. ఏఎస్‌వీ లేకుండా 'పాముకాటుకు చికిత్స చేశాం' అని రాస్తే ఏ కలెక్టరయినా ఊరుకుంటారా? మరి సీరం లేకుండా 'కుక్కకాటుకు చికిత్స చేశాం' అని రాస్తే ఎందుకు ఊరుకుంటున్నారు? పాము చంపితే ఆ రాత్రే తెలుస్తుంది. రేబిస్ సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల తర్వాత చంపుతుంది. అప్పటికి రిజిస్టరు పేజీ మారిపోయి ఉంటుంది. తేడా అదొక్కటే.

సీరం వేసే పద్ధతి వేరు, అక్కడే రెండో మోసం ఉంది. పాము విషం ఒళ్లంతా పాకుతుంది కాబట్టి మందు రక్తంలోకి వెళ్లాలి. రేబిస్ వైరస్ గాయంలో ఉంటుంది కాబట్టి సీరం గాయంలోకే వెళ్లాలి. ఇరవై కిలోల పిల్లకు చెంప మీద రెండు, చేతి మీద ఒకటి లోతైన కాట్లు పడ్డాయనుకుందాం. ముందు ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. గుర్రపు సీరం అయితే కిలోకు 40 యూనిట్ల చొప్పున 800 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్లుండే సీసా అయితే రెండున్నర మిల్లీలీటర్లకు కాస్త పైన. మనిషి సీరం అయితే కిలోకు 20 చొప్పున 400 యూనిట్లు చాలు. ఆ మందును సన్నని సూదితో ప్రతి గాయం లోపలా, అంచుల చుట్టూ ఎక్కించాలి. మూడు గాయాలకు చాలదనిపిస్తే సెలైన్ కలిపి పెంచుకోవాలే తప్ప, ఏ గాయాన్నీ వదలకూడదు, మోతాదూ దాటించకూడదు. అరువు ప్రతిరక్షకాలు మితిమీరితే టీకాలోని వైరస్‌ను అవే కప్పేసి, శరీరం పాఠం నేర్చుకోకుండా అడ్డుపడతాయి. టీకా, సీరం ఒకే సిరంజిలో, ఒకేచోట వేయకూడదనేది కూడా అందుకే. టీకా రెండు భుజాల చర్మంలో 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. కుట్లు వీలైనంతవరకూ వేయకూడదు. తప్పనిసరైతే సీరం ఎక్కించాక కొన్ని గంటలు ఆగి, వదులుగా వేయాలి.

జరుగుతున్నది ఏమిటి? ఏడ్చే పిల్ల చెంపలో సూది గుచ్చడం కష్టమని, సీరమంతా పిరుదులో ఒక్క పోటు పొడిచి పంపేస్తారు. గాయానికి అందేది నామమాత్రం. అది కూడా రిజిస్టరులో 'సీరం ఇచ్చాం' కిందే పడుతుంది. తల్లిదండ్రులు దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. చీటీలో ఏఆర్‌వీ, అంటే రేబిస్ టీకా ఒక్కటే ఉందా, ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఉందా చూడండి. ఉంటే గాయం చుట్టూ సూది గుర్తులు ఉన్నాయా చూడండి. మొదటి రోజు సీరం దొరక్కపోతే, మొదటి టీకా పడిన ఏడో రోజు వరకూ వేయించుకోవచ్చు. ఆ తర్వాత వేస్తే శరీరం అప్పుడప్పుడే చేసుకుంటున్న సొంత పనికి అడ్డు తప్ప లాభం లేదు. రక్తం రాని చిన్న గీతకు మాత్రం టీకా చాలు. సీరం అందరికీ కాదు.

సీరం ఖరీదు ఎక్కువని, సరఫరా తక్కువని, గుర్రపు సీరానికి కొందరికి తీవ్రమైన అలెర్జీ వస్తుందని, చిన్న ఆస్పత్రుల సిబ్బందికి భయం సహజమని అధికారులు అంటారు. నిజమే, కొంత. కానీ అదే గుర్రం నుంచి వచ్చిన పాము మందును అదే సిబ్బంది అలెర్జీకి విరుగుడైన అడ్రినలిన్ పక్కన పెట్టుకుని ఎక్కిస్తున్నారు. శుద్ధి చేసిన గుర్రపు రేబిస్ సీరానికి ముందస్తు చర్మ పరీక్ష కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీరాన్ని గాయాలకే పరిమితం చేయమని, మిగిలింది దూరంగా కండరంలో వేయనక్కర్లేదని కూడా 2018లోనే చెప్పింది. చిన్న గాయమైతే మిగిలిన మందును శుభ్రంగా పంచి మరో రోగికి వాడుకోవచ్చన్నమాట. కొరత గురించి మాట్లాడేవారు ఈ పొదుపు ఎక్కడ అమలైందో చెప్పాలి. గుర్రమూ వద్దు, మనిషి రక్తమూ వద్దు అనుకుంటే, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన, ల్యాబులో తయారయ్యే మోనోక్లోనల్ ప్రతిరక్షకం కొన్నేళ్లుగా మార్కెట్లో ఉంది. కిలోకు 3.33 యూనిట్లు చాలు.

కేరళలో 2022లో, మళ్లీ 2025లో టీకా వేయించుకున్న పిల్లలు రేబిస్‌తో చనిపోయినప్పుడు 'టీకా నకిలీదా' అని దేశమంతా అడిగింది. తల, ముఖం మీద కాటు నేరుగా నరంలో పడితే అన్నీ సరిగ్గా చేసినా ప్రాణం పోయే సందర్భాలు అరుదుగా ఉంటాయి, కాదనం. కానీ అలాంటి ప్రతి మరణంలో ముందు అడగాల్సింది టీకా కంపెనీ పేరు కాదు. గాయం కడిగారా? సీరం ఎప్పుడు పడింది? ఎక్కడ పడింది? ఈ మూడు ప్రశ్నలకు రాసిపెట్టిన జవాబు లేకపోతే నింద పనిచేసే టీకా మీద పడుతుంది. రేపు మరో తల్లి ఆ టీకా కూడా వద్దంటుంది. సగం వైద్యాన్ని పూర్తి వైద్యంగా చూపిస్తే కలిగే పెద్ద నష్టం ఇదే.

దేశంలో ఏటా దాదాపు 5,700 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని ఐసీఎంఆర్ సర్వే అంచనా. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలు ఉండవని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధికుక్కలను ఎక్కడ ఉంచాలన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టీవీల్లో రాత్రుళ్లు నడిచింది. కరిచాక ఏం చేయాలన్న దాని మీద మాత్రం ఒక్క పూట చర్చ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మేం అడిగేది కొత్త పథకం కాదు, కొత్త గడులు. కుక్కకాటు రిజిస్టరులో గాయం ఏ తరగతిదో, సీరం ఎన్ని యూనిట్లో, ఏ గాయంలో ఎక్కించారో వేర్వేరుగా రాయాలి. సీరం పడని లోతైన కాటును 'చికిత్స అసంపూర్తి' అని లెక్కించి, ఆ సంఖ్యను జిల్లాలవారీగా ప్రతి నెలా బయటపెట్టాలి. 'ఇక్కడ సీరం లేదు, జిల్లా ఆస్పత్రికి వెళ్లండి' అని చీటీ రాసి చేతులు దులుపుకునే ప్రతి ఆస్పత్రీ, ఆ మనిషి అక్కడికి చేరాడో లేదో మర్నాడు ఫోన్ చేసి కనుక్కోవాలి. అసంపూర్తి కేసులెన్నో చెప్పలేని అధికారులు 2030 లక్ష్యం గురించి సమీక్షా సమావేశాలు పెట్టి మా విలేకరులను పిలవనక్కర్లేదు.