నాలుగు మాటలు కొట్టేయమన్నారు, వాటి చోట ఏం రాయాలో చెప్పలేదు

మధ్యాహ్నం నుంచి నా తల వేడెక్కే ఉంది. ఇక్కడ రాయకపోతే రాత్రి నిద్ర పట్టదు.

మాది ద్వారకానగర్‌లో ఎగుమతి కాగితాలు చూసే చిన్న ఆఫీసు. రొయ్యల ప్లాంట్ల నుంచి రీఫర్ కంటైనర్లు పోర్టుకి వెళ్తుంటే, వాటి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకుకి షిప్పింగ్ లైన్ ఇచ్చే రసీదు బీఎల్ మా చేతుల మీదుగా నడుస్తాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా మెయిళ్లే. మా మేనేజర్ గారు ఎక్కడో ట్రైనింగుకి వెళ్లొచ్చి, జస్ట్, వెరీ, యాక్చువల్లీ, బేసికల్లీ అనే నాలుగు మాటలు ఇకమీదట మెయిల్లో కనబడకూడదన్నారు. కాగితం ప్రింటు తీసి గోడకి అంటించారు కూడా. కొత్తగా చేరిన అమ్మాయి ఆయన చెప్పింది చెప్పినట్టే చేసింది. ఇవాళ ప్లాంటులో డాక్యుమెంట్లు చూసే పెద్దాయన ఫోన్ చేసి "ఏటమ్మా, మేమేం తప్పు చేసేం? అలాగ రాసేసేవు?" అని బాధపడ్డారు. అది విన్న మేనేజర్ గారు, ఆ పిల్లనే అందరి ముందూ నిలబెట్టి "టోన్ చూసుకోవాలి కదమ్మా" అన్నారు!

ఆ పిల్ల మామూలుగా రాసే మెయిల్ ఇది: "ఐ జస్ట్ వాంటెడ్ టు చెక్ ఇఫ్ యు హావ్ సీన్ ద డ్రాఫ్ట్ బీఎల్. యాక్చువల్లీ ఇట్ ఈజ్ వెరీ అర్జెంట్. బేసికల్లీ వి నీడ్ యువర్ కన్ఫర్మేషన్ టుడే." నాలుగు మాటలూ, వాటితో పాటు "ఐ వాంటెడ్ టు చెక్" కూడా తీసేశాక ఇవాళ వెళ్లింది ఇది: "హావ్ యు సీన్ ద డ్రాఫ్ట్ బీఎల్? ఇట్ ఈజ్ అర్జెంట్. వి నీడ్ యువర్ కన్ఫర్మేషన్ టుడే." పోలీస్ స్టేషన్ నుంచి వచ్చినట్టు లేదూ?

మొదటి మెయిల్ బాగుందని నేననడం లేదు. అందులో ఆ నాలుగూ దండగే, ఒప్పుకుంటాను. కానీ అవి అక్కడికి ఎందుకొచ్చాయో చూడాలి కదా. మనం తెలుగులో మనిషిని పని అడిగేటప్పుడు "ఒకసారి చూస్తారా అండీ", "కొంచెం చూడండి" అంటాం. ఆ "ఒకసారి", ఆ "అండీ" లేకుండా పెద్దవాళ్లని అడగడం మనకి నోరు రాదు. ఇంగ్లీషులో రాయమనేసరికి "అండీ" పెట్టే చోటు దొరకదు, దాని బదులు జస్ట్ పెడతాం. అది బద్ధకం కాదు, మర్యాద. ఆ మర్యాదని పీకేసి, దాని చోట ఇంకేమీ పెట్టకుండా వదిలేస్తే ఎదుటివాళ్లకి చెంపదెబ్బలాగే తగులుతుంది.

చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ఒక్కో మాట కొట్టేసినప్పుడు, అది చేస్తున్న పనిని ఒక వివరంతో చేయించాలి. "వెరీ అర్జెంట్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు, రోజూ వచ్చే ప్రతి మెయిలూ వెరీ అర్జెంటే. ఎన్ని గంటల లోపు కావాలి, దాటితే ఏమవుతుంది, ఆ రెండూ రాస్తే చాలు. జస్ట్ తీసేస్తే, వాళ్లు ఇప్పటికే చేసిన పనిని గుర్తించే ఒక ముక్క రాయాలి, అడిగేది ప్రశ్నలా అడగాలి. బేసికల్లీ తీసేస్తే ఏ నష్టమూ లేదు, దాని తర్వాత వచ్చే వాక్యమే అసలు విషయం. దాన్ని పైకి తీసుకురండి, అంతే.

ఫోన్ పెట్టేశాక ఆ మెయిల్ నేనే మళ్లీ ఇలా రాయించాను: "థాంక్స్ ఫర్ ద ప్యాకింగ్ లిస్ట్. ద డ్రాఫ్ట్ బీఎల్ ఈజ్ అటాచ్డ్. కుడ్ యు చెక్ ద కన్సైనీ అడ్రస్ అండ్ ద కార్టన్ కౌంట్ బై 5? ఆఫ్టర్ దట్ ద లైన్ విల్ చార్జ్ అస్ ఫర్ కరెక్షన్స్. ఇఫ్ 5 ఈజ్ డిఫికల్ట్, ప్లీజ్ కాల్ మి." గోడ మీది నాలుగు మాటల్లో ఒక్కటీ లేదు. అయినా ఎక్కడైనా కోపం కనిపిస్తోందా? ఏం చూడాలో తెలుస్తోంది, ఎందుకు తొందరో తెలుస్తోంది, కుదరకపోతే ఏం చెయ్యాలో కూడా తెలుస్తోంది. పొడవు మాత్రం పెరిగింది. పెరగనివ్వండి! మెయిల్ పొట్టిగా ఉండాలన్న పిచ్చితోనే ఇదంతా వచ్చింది.

యాక్చువల్లీ సంగతి వేరు. అది మెత్తని మాట కాదు, "నువ్వనుకున్నది కాదు" అని చెప్పే మాట. "యాక్చువల్లీ ద కార్టన్ కౌంట్ ఈజ్ రాంగ్" అని రాస్తే, నీకు తెలియదు నాకు తెలుసు అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ తీసేస్తే మెయిల్ కటువుగా మారదు, ఇంకా నయమవుతుంది. కానీ ఆ "రాంగ్" కూడా పోవాలి. ఇన్వాయిస్‌లో 1,800 కార్టన్లు ఉన్నాయి, ప్యాకింగ్ లిస్టులో 1,750 ఉన్నాయి, ఏది తీసుకోమంటారు అని అడిగితే తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. అవతలివాళ్లు పది నిమిషాల్లో సరిచేసి పంపుతారు.

ఇంకోటి, ప్రతి జస్ట్ దండగ కాదు. "వెసెల్ హాజ్ జస్ట్ బెర్త్‌డ్" అంటే ఓడ ఇప్పుడే బెర్తుకి వచ్చిందని. జస్ట్ తీసేస్తే ఎప్పుడొచ్చిందో తెలియదు. టైము తెలిస్తే టైమే రాయండి, తెలియకపోతే జస్ట్ ఉండనివ్వండి. బీఎల్ మామూలుగా మూడు ఒరిజినల్స్ సెట్టుగా వస్తుంది. "సెండ్ జస్ట్ వన్ ఒరిజినల్" అంటే మిగతా రెండూ మీ దగ్గరే ఉంచండి అని. అక్కడ అది మెత్తదనం కాదు, లెక్క. ఆ మాట తీసి చూడండి, అర్థం మారితే ఉంచండి, మారకపోతే కొట్టేయండి. ఇంత చిన్న తేడా చెప్పడానికి గోడ మీద కాగితంలో చోటు లేకపోయిందా?

అసలు నా మంట దీనికంటే పాతది. ఈ మాటలు తీసేయమని ఎప్పుడూ ఎవరికి చెబుతారు? ఆడవాళ్లకే. 2015 చివర్లో జీమెయిల్ కోసం "జస్ట్ నాట్ సారీ" అని ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది, జస్ట్, సారీ లాంటి మాటల కింద ఎర్రగీత గీసేది. అది కూడా ఆడవాళ్లు గట్టిగా రాయాలనే పెట్టారు. అది ఏ జస్ట్ ఎందుకొచ్చిందో చూసేది కాదు, గీత గీసేసేది. మా ఆఫీసులోనూ అంతే. ఒక అప్రైజల్‌లో నాకు "మరీ మెత్తగా రాస్తారు" అని రాశారు. సరే అని సూటిగా రాయడం మొదలుపెడితే తర్వాతి అప్రైజల్‌లో "కాస్త దురుసు" అని వచ్చింది. అదే సమయంలో నా పక్క సీటు ఆయన "సెండ్ టుడే" అని రెండే మాటలు రాసి పంపేవారు. ఆయన టోన్ గురించి ఒక్కరూ అడగలేదు. "సార్ బిజీగా ఉంటారు" అన్నారు. ఇవాళ ఆ పిల్ల తలొంచుకుని నిలబడితే నాకు ఆ రెండు అప్రైజల్ కాగితాలూ కళ్లముందు కనిపించాయి.

మేనేజర్ గారు ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు, చదవాలనే రాస్తున్నాను. ఆ కాగితం గోడ మీంచి తీసేయండి, లేదంటే దాని కింద "వీటి చోట గంట, కారణం, థాంక్స్ రాయాలి" అని మీ చేత్తోనే రాయండి. ఆ అమ్మాయిని అందరి ముందూ అన్నారు కాబట్టి, రేపు పొద్దున్న తప్పు మీరు చెప్పిన రూల్‌దని అందరి ముందే చెప్పండి.