హాజరయ్యాను, పరిశీలించాను, నేర్చుకున్నాను

ఇంటర్న్‌షిప్ రిపోర్టు అనే ప్రక్రియ మొత్తం మూడు క్రియాపదాల మీద నిలబడి ఉంది. మీటింగుకి హాజరయ్యాను, పని జరిగే తీరు పరిశీలించాను, టీం వర్క్ నేర్చుకున్నాను. ఈ మూడింటితో నలభై పేజీలు నింపే విద్య మా పిల్లల చేతుల్లో వర్ధిల్లుతోంది. గైడుగా సంతకాలు పెట్టేవాణ్ణి కదా, దాని గొప్పతనం నాకు తెలుసు. అట్ట మీద పేరు మార్చి పక్కవాడికి ఇచ్చినా అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు, ఏ కావ్యానికుంది చెప్పండి అంతటి సార్వజనీనత?

డైరీ సంగతి సరేసరి. ఎనిమిది వారాల డైరీ ఆఖరి రాత్రి ఒకే పెన్నుతో రాస్తారు, అందులో ఆదివారాలు కూడా ఆఫీసుకి వెళ్లినట్టు ఉంటుంది. శ్రద్ధ అంటే అదీ.

ఇంత ప్రశాంతంగా ఉన్నచోట ఈసారి ఒకమ్మాయి చిచ్చు పెట్టింది. ఆమెకిచ్చిన పని మామూలే, రెండు కస్టమర్ లిస్టుల్ని ఎక్సెల్‌లో కలిపి, రెండుసార్లు పడ్డవాళ్లని తీసేయాలి. మొత్తం 1,200 వరుసలు. "డేటా క్లీనింగ్ చేశాను" అని రాసి, వెనక సర్టిఫికెట్ అంటిస్తే అయిపోయేది.

డైరీలో రెండో వారం ఇలా ఉంది: "ఫోన్ నంబర్ కాలమ్ మీద Remove Duplicates నొక్కాను, పని అయిపోయింది." చక్కటి వాక్యం, అక్కడితో ఆగొచ్చుగా! ఆగలేదు. మిగిలిన లిస్టులోంచి లాటరీ తీసినట్టు వంద వరుసలు తీసి, ఒక్కొక్కరి పేరూ అడ్రసూ పట్టుకుని వెతికితే 14 మంది ఇంకోచోట కూడా దొరికారు. కారణం ఏమిటంటే, ఒక లిస్టులో నంబర్లు టెక్స్ట్‌గా ఉన్నాయి, రెండోదాంట్లో అంకెలుగా పడి ముందున్న సున్నా ఎగిరిపోయింది, దాంతో ఒకే మనిషి ఎక్సెల్ కంటికి ఇద్దరయ్యాడు. కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి, సున్నాలు తిరిగి పెట్టి, మళ్లీ అదే బటన్ నొక్కి, ఈసారి వేరే వంద వరుసలు చూసింది. ముగ్గురే దొరికారు.

ఇక్కడివరకూ క్షమించొచ్చు, విజయగాథే కాబట్టి. నాలుగో వారంలో అసలు పరువు తీసుకుంది. ఒక తండ్రీ కూతురూ ఒకే నంబర్ ఇచ్చారట, బటన్ మొదటి వరుసని ఉంచి కూతుర్ని తీసేసింది. ఆఫీసులో ఎవరో అడిగితే బయటపడింది. అదృష్టం కొద్దీ ముందే దాచిన అసలు ఫైలుతో పోల్చి చూస్తే, అలా మాయమైనవాళ్లు మొత్తం 9 మంది. తిరిగి చేర్చి, కొత్త నియమం పెట్టుకుంది: నంబరూ పేరూ రెండూ కలిస్తేనే తీసేయాలి, నంబర్ ఒక్కటే కలిస్తే మనిషి చూసి తేల్చాలి.

ఇదంతా కడిగేసి దాచుకోవాల్సింది పోయి రిపోర్టు నడిమధ్యలో పెట్టింది! "ప్రైమరీ కీ అంటే ప్రతి వరుసకీ వేరుగా ఉండాల్సింది అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, ఫోన్ నంబర్ అలాంటిదేనని ఎవరూ చెప్పకుండానే నమ్మేశాను" అని సిలబస్‌లోని పాఠానికి ముడిపెట్టింది. రెండో వారం ధీమానీ నాలుగో వారం కంగారునీ తేదీలతో సహా పక్కపక్కన అంటించింది. ఆఖరి రాత్రి రాసే డైరీలో ఇది కుదరదు, అప్పటికి అందరం మొదటినుంచీ తెలివైనవాళ్లమే అయిపోతాం.

పైగా సొంత విజయానికి తనే గండి కొట్టింది. 14 నుంచి 3కి తగ్గడం వంద వరుసల నమూనాలోని మాటే, ఇంకో వంద తీస్తే రెండో అయిదో రావచ్చు అని రాసింది. సున్నా సంగతి పట్టుకున్నది తాను కాదు, పక్క సీటు సీనియర్ అని కూడా! మనమైతే ఆ సీనియర్ని "టీం వర్క్"లో కలిపేసేవాళ్లం. కస్టమర్ల పేర్లు మార్చేసి, మార్చానని చెప్పి, ఆఫీసు అనుమతి కాగితం జతచేసింది.

గ్రాహమ్ గిబ్స్ అనే ఆయన 1988లో అనుభవాన్ని తిరిగి చూసుకోడానికి ఆరు మెట్లు చెప్పాడు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది చెడింది, ఎందుకు, ఏం తేలింది, ఈసారి ఏం చేస్తావు. మన సంప్రదాయం మొదటి మెట్టు మీదే పక్క పరుచుకుంటుంది, మోకాళ్లకి మంచిది.

వైవాకి వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు అటూ ఇటూ తిప్పారు. "ఏమ్మా, తప్పు గురించే మూడు పేజీలు రాశావు, కమ్యూనికేషన్ స్కిల్స్ పేరా ఏదీ?" అన్నారు. "లేదు సార్, దానికి నా దగ్గర ఆధారం లేదు" అంది. ఆయన నావైపు చూశారు, నేను సీలింగు ఫ్యాన్‌ని పరిశీలించాను.